లింకు పంపితే ఈవెంట్ చేరుతుంది, అలర్ట్ చేరదు

ప్రశ్న: మా ఇంట్లో ఐదుగురం. ముగ్గురివి ఆండ్రాయిడ్ ఫోన్లు, ఇద్దరివి ఐఫోన్లు. నేను గూగుల్ క్యాలెండర్‌లో ఇంటి కోసం ఒక క్యాలెండర్ తయారుచేసి, దాని లింకు అందరికీ పంపాను. సబ్‌స్క్రైబ్ చేసుకున్నారు, ఈవెంట్లు కనిపిస్తున్నాయి. కానీ అలర్ట్ మాత్రం నా ఒక్కడి ఫోనులోనే మోగుతోంది. పైగా నేను సమయం మారిస్తే వాళ్ళ ఫోన్లలో మరుసటి రోజుకు గానీ మారడం లేదు. అందరికీ ఒకే అలర్ట్ ఒకే సమయానికి రావాలంటే ఏం చేయాలి?

సమాధానం:

ముందు చేయాల్సింది చెబుతాను. ఆ లింకును అందరి ఫోన్లలో నుంచి తీసేయండి. అదే క్యాలెండర్‌ను ఒక్కొక్కరి గూగుల్ ఖాతాకు పేరుపేరునా షేర్ చేయండి. ఆ తర్వాత ప్రతి ఒక్కరి ఖాతాలోనూ, ఆ ఒక్క క్యాలెండర్‌కు, డిఫాల్ట్ నోటిఫికేషన్ విడిగా పెట్టండి. ఐఫోన్ వాళ్ళు కూడా గూగుల్ క్యాలెండర్ యాప్‌నే వాడాలి. ఐదుగురికీ కలిపి గంట పని. మీరు అడిగిన రెండు ఇబ్బందులూ దీనితో పోతాయి.

మా ఆఫీసులో అందరి క్యాలెండర్లూ సరిచూసే పని చాలా ఏళ్ళుగా నాదే. బంధువుల ఇళ్ళలోనూ ఈ పని నా మెడకే చుట్టుకుంటుంది. ఎక్కడ చూసినా అపోహ ఒక్కటే: క్యాలెండర్‌ను పంచుకుంటే అలర్టును కూడా పంచుకున్నట్టే అనుకుంటారు. అది నిజం కాదు. గూగుల్ క్యాలెండర్‌లో ఈవెంట్ అందరిదీ, అలర్ట్ మాత్రం ఎవరిది వారిదే. మీరు ఈవెంట్ తెరిచి «30 నిమిషాల ముందు» అని పెడితే, ఆ 30 నిమిషాలు మీ ఖాతాకు మాత్రమే రాసిపెట్టుకుంటుంది. అదే ఈవెంట్‌ను మీ చెల్లెలు తెరిస్తే ఆ వరుస ఖాళీగా కనిపిస్తుంది, లేదా ఆమె తన క్యాలెండర్‌కు పెట్టుకున్న డిఫాల్ట్ కనిపిస్తుంది. ఇది లోపం కాదు, కావాలనే అలా కట్టారు. లేకపోతే ఆఫీసులో ఒకరు పెట్టిన అలర్టుకు పాతికమంది ఫోన్లు మోగేవి.

లింకుతో ఎందుకు కుదరదు

మీరు పంపిన లింకు చివర `.ics` ఉండి ఉంటుంది. అది క్యాలెండర్‌ను అక్షరాలలో రాసిన ఫైలు. ఆ రాత పద్ధతి పేరు ఐక్యాలెండర్, ఇప్పుడు నడుస్తున్న ప్రమాణం 2009లో వచ్చిన `RFC 5545`. సబ్‌స్క్రైబ్ చేయడమంటే అవతలి యాప్ ఆ ఫైలును అప్పుడప్పుడు వచ్చి చదువుకుని వెళ్ళడమే. మీరు ఏదో మార్చారని దానికి ఎవరూ కబురు పెట్టరు. తన వంతు వచ్చినప్పుడు వచ్చి చూస్తుంది, అంతే. గూగుల్ క్యాలెండర్‌లో లింకుతో చేర్చిన క్యాలెండర్ మారడానికి 12 గంటల వరకు పట్టవచ్చని వాళ్ళ సహాయ పేజీలోనే ఉంటుంది. దాన్ని తొందరపెట్టే మీట మనకు ఇవ్వలేదు. ఆపిల్ కంప్యూటర్‌లోని క్యాలెండర్ ఈ విషయంలో కాస్త నయం. ఎంతసేపటికోసారి చూడాలో మనమే ఎంచుకోవచ్చు, 5 నిమిషాల దాకా తగ్గించవచ్చు. కానీ మీ ఇంట్లో అందరి చేతిలో ఉన్నవి ఫోన్లు.

ఇక అలర్ట్ సంగతి. ఆ ఫైలులో అలర్టుకు చోటు లేక కాదు. ఇలా రాస్తారు:

```
BEGIN:VALARM
ACTION:DISPLAY
DESCRIPTION:Reminder
TRIGGER:-PT30M
END:VALARM
```

`-PT30M` అంటే మొదలవడానికి 30 నిమిషాల ముందు అని. అయితే ఈ ముక్కను చదివే యాప్ గౌరవించాలన్న నిర్బంధం ఏమీ లేదు. లింకుతో వచ్చిన క్యాలెండర్లలో ఈ ముక్కను గూగుల్ క్యాలెండర్ పక్కన పెట్టేస్తుంది. ఐఫోన్‌లోనైతే సబ్‌స్క్రైబ్ చేసిన క్యాలెండర్‌కు `Remove Alarms` అనే మీట ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే అలారాలన్నీ ఊడ్చిపెట్టుకుపోతాయి. అంటే ఒకే లింకును ఐదు ఫోన్లలో పెడితే ఐదు తీర్లుగా ప్రవర్తిస్తుంది. మీకు కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం.

ఇందులో నాకు తగిలిన దెబ్బ ఒకటుంది. అమ్మకు కంటి పరీక్ష ఉదయం 10:30కి. ముందురోజు సాయంత్రం ఏడింటికి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది, 9:00కే రమ్మన్నారు. నేను క్యాలెండర్‌లో సమయం మార్చి, అందరికీ తెలిసిపోతుందని నిశ్చింతగా ఊరు వెళ్ళాను. అమ్మను తీసుకువెళ్ళాల్సిన మా అక్క ఫోనులో ఆ క్యాలెండర్ లింకుతో పెట్టి ఉంది. తెల్లారేసరికి అందులో ఇంకా 10:30 అనే ఉంది. గంట ముందు మోగేలా పెట్టుకుంది కాబట్టి, సరిగ్గా 9:30కి మోగింది. అప్పటికే వాళ్ళ వంతు దాటి అరగంట. అలర్ట్ రాకపోతే కనీసం అనుమానం వచ్చి ఎవరినైనా అడిగేది. తప్పు సమయానికి ఠంచనుగా మోగడంతో అడగాలన్న ఆలోచనే రాలేదు. ఆ రోజు నుంచి, మారే అవకాశం ఉన్న ఏ పనినీ లింకు క్యాలెండర్‌కు అప్పగించలేదు.

షేర్ చేసే పద్ధతి

ఇది కంప్యూటర్ బ్రౌజర్‌లో మొదలుపెట్టండి. `calendar.google.com` తెరిచి, ఎడమ వైపు ఇంటి క్యాలెండర్ పేరు మీదకు వెళ్ళి దాని సెట్టింగుల్లోకి వెళ్ళండి. అక్కడ వ్యక్తులను చేర్చే చోట ఒక్కొక్కరి ఈమెయిల్ రాసి, అనుమతి దగ్గర `Make changes to events` ఎంచుకోండి. `See all event details` ఇస్తే చూడగలరు గానీ రాయలేరు. ఇంట్లో రాయలేని క్యాలెండర్ నెల తిరక్కుండా మూలపడుతుంది, ఎందుకంటే ప్రతిదీ మీకే ఫోను చేసి చెప్పాల్సి వస్తుంది. `Make changes and manage sharing` మీతోపాటు ఇంకొక్కరికి ఇస్తే చాలు, మీ ఖాతా తెరుచుకోని రోజున పనికొస్తుంది.

వాళ్ళకు ఈమెయిల్ వెళుతుంది. అందులోని లింకు నొక్కి క్యాలెండర్‌ను చేర్చుకోవాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఈమెయిల్ ఎవరు చూస్తారు చెప్పండి! అందుకే నేను అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఒక్కొక్కరి ఫోను తీసుకుని ఆ ఈమెయిల్ నేనే వెతికి నొక్కుతాను.

పాత లింకు క్యాలెండర్‌ను మరచిపోకుండా తీసేయండి. అది అలాగే ఉంటే ప్రతి ఈవెంట్ రెండుసార్లు కనిపిస్తుంది, అందులో ఒకటి పాత సమయంతో ఉండవచ్చు. మీరు పంపింది రహస్య చిరునామా అయితే, అంటే సెట్టింగుల్లో `Secret address in iCal format` అని ఉన్న దాన్ని ఇచ్చి ఉంటే, పక్కనే ఉన్న `Reset` నొక్కి మార్చేయండి. ఆ చిరునామా ఎవరి చేతికి వెళ్ళినా, పాస్‌వర్డ్ అడగకుండానే మీ ఇంటి కార్యక్రమాలన్నీ చూపిస్తుంది.

అసలు పని: డిఫాల్ట్ నోటిఫికేషన్

ప్రతి ఫోనులో గూగుల్ క్యాలెండర్ యాప్ తెరిచి, మూడు గీతల మెనూలోంచి `Settings`లోకి వెళ్ళండి. ఖాతాల కింద క్యాలెండర్ల పేర్లు వరుసగా ఉంటాయి. ఇంటి క్యాలెండర్ పేరు నొక్కితే నోటిఫికేషన్లు పెట్టే చోటు వస్తుంది. షేర్ చేసిన క్యాలెండర్‌కు ఇది సాధారణంగా ఖాళీగా ఉంటుంది. మీ వాళ్ళ ఫోన్లు మోగకపోవడానికి కారణం ఇదే. ఐదుగురికీ ఒకే విలువ పెట్టండి, ఉదాహరణకు 1 గంట ముందు ఒకటి, 15 నిమిషాల ముందు ఇంకొకటి. ఇది ఖాతాకు అంటుకుని ఉండే అమరిక. కాబట్టి ఒకరికి ఫోనూ ట్యాబ్లెట్టూ ఉంటే ఒకచోట పెడితే చాలు. పెద్దవాళ్ళ ఫోనులో చిన్న అక్షరాలతో కుస్తీ పట్టలేకపోతే, వాళ్ళ ఖాతాతో కంప్యూటర్‌లో లాగిన్ అయి పెట్టవచ్చు.

ఇక్కడ ఇద్దరు ముగ్గురు పడే గుంత ఒకటి ఉంది. రోజంతా ఉండే ఈవెంట్లకు డిఫాల్ట్ వేరుగా ఉంటుంది. పుట్టినరోజు, బిల్లు కట్టాల్సిన ఆఖరి తేదీ లాంటివి సమయం లేకుండా రాస్తాం కదా, వాటికి పైన పెట్టిన గంట, పదిహేను నిమిషాలు వర్తించవు. దాని కింద ఉన్న రెండో చోట «ముందురోజు రాత్రి 8 గంటలకు» వంటిది పెట్టాలి. ఇది పెట్టకపోతే సమయం ఉన్నవన్నీ చక్కగా మోగుతూ, ఆఖరి తేదీలు మాత్రం చడీచప్పుడు లేకుండా దాటిపోతాయి.

దీని తర్వాత ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకోండి: ఒక్కో ఈవెంట్‌లోకి వెళ్ళి అలర్ట్ మార్చకూడదు. మార్చిన మరుక్షణం ఆ ఈవెంట్ ఆ ఒక్కరికీ డిఫాల్ట్ నుంచి విడిపోతుంది. మిగతావారికి పాతదే ఉంటుంది. మార్చిన మనిషి «నేను రెండు గంటల ముందుకు పెట్టాను, అందరికీ వస్తుంది» అనుకుంటారు, రాదు.

మరి కొన్ని పనులకు ఒక గంట సరిపోదు కదా? పిల్లవాడి ప్రాజెక్టు సామగ్రి ముందురోజే కొనాలి, ప్రయాణానికి ముందే సర్దుకోవాలి. దీనికి నా పద్ధతి రెండు క్యాలెండర్లు. మా ఇంట్లో ఒకదాని పేరు «వెళ్ళాలి», రెండోదాని పేరు «సర్దుకోవాలి». మొదటిదానికి డిఫాల్ట్ 1 గంట ముందు. రెండోదానికి 1 రోజు ముందు ఒకటి, 2 గంటల ముందు ఒకటి. ఈవెంట్ రాసేటప్పుడు అలర్ట్ గురించి ఎవరూ ఆలోచించరు, ఏ క్యాలెండర్‌లో రాయాలో మాత్రమే ఎంచుకుంటారు. అలర్టును పంచుకోలేం గానీ, ఏ క్యాలెండర్‌లో ఉందన్నది అందరికీ ఒకటే. ఆ సంగతినే ఇలా వాడుకుంటున్నాం. మూడో క్యాలెండర్ మాత్రం పెట్టకండి. నేను ఒకసారి నాలుగు పెట్టాను, ఏది ఎందులో రాయాలో నాకే గుర్తుండేది కాదు.

మీరు ఐదుగురికీ ఒకే అలర్ట్ అన్నారు గానీ, నిజంగా అది అవసరమా అని కూడా ఒకసారి ఆలోచించండి. మా ఇంట్లో బండి నడిపేవారికి గంటన్నర ముందు, వెనక కూర్చునేవారికి అరగంట ముందు మోగుతుంది. అలర్ట్ ఎవరిది వారిదే కావడం వల్లనే అది సాధ్యమైంది. మొదట తిట్టుకున్నదే తర్వాత పనికొచ్చింది.

ఐఫోన్ల సంగతి

ఐఫోన్‌తో వచ్చే క్యాలెండర్ యాప్‌లోనూ గూగుల్ ఖాతా చేర్చుకోవచ్చు. కానీ షేర్ చేసిన క్యాలెండర్లు అందులో కనిపించకపోతే `calendar.google.com/calendar/syncselect` అనే పేజీలో వాటికి టిక్కు పెట్టాల్సి ఉంటుంది. ఐఫోన్ సెట్టింగుల్లోని `Default Alert Times` ఆ ఫోనులో మీరు కొత్తగా రాసే ఈవెంట్ల కోసం. ఇతరులు రాసి పంపినవాటికి అది అలర్ట్ పెట్టదు. ఈ చిక్కులన్నీ ఎందుకని ఇద్దరికీ గూగుల్ క్యాలెండర్ యాప్ వేయమన్నాను. అది వేశాక, ఐఫోన్ సెట్టింగుల్లో ఆ గూగుల్ ఖాతాకు ఎదురుగా ఉన్న `Calendars` మీట ఆపేయండి. లేకపోతే ఒకే ఈవెంట్‌కు రెండు యాప్‌లూ మోగే అవకాశం ఉంది. ఫోను తయారీదారు వేసిన సొంత క్యాలెండర్ యాప్ ఉన్న ఆండ్రాయిడ్‌లోనూ ఇదే జరుగుతుంది, అక్కడ ఆ యాప్ నోటిఫికేషన్లు ఆపేస్తే సరి. రెండుసార్లు మోగడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, రెండు వారాలకు మనిషి ఏ మోతనూ పట్టించుకోవడం మానేస్తాడు.

అందరివీ ఐఫోన్లే అయితే ఐక్లౌడ్‌లో కుటుంబ క్యాలెండర్ వాడమనేవాణ్ణి. మీ ఇంట్లో మూడు ఆండ్రాయిడ్లు ఉన్నాయి. ఐక్లౌడ్ నుంచి వాటికి చేరేది బహిరంగ లింకు, అది చదవడానికి మాత్రమే. అంటే మళ్ళీ మొదటికే వస్తాం.

ఇప్పుడు పరీక్ష

అమర్చాక వదిలేయకండి. ఫోన్లన్నీ బల్ల మీద వరుసగా పెట్టండి. ఇంటి క్యాలెండర్‌కు అందరి ఖాతాల్లోనూ తాత్కాలికంగా 10 నిమిషాల ముందు అని పెట్టి, ఇప్పటి నుంచి 25 నిమిషాల తర్వాత మొదలయ్యేలా ఒక ఉత్తుత్తి ఈవెంట్ రాయండి. 15 నిమిషాలకు అన్నీ మోగాలి. మోగని ఫోను ఉంటే ఈ వరుసలో చూడండి.

మొదట, ఆ ఫోనులో ఈవెంట్ కనిపిస్తోందా? కనిపించకపోతే అలర్ట్ జోలికి వెళ్ళకండి, గొడవ షేరింగ్‌లోనో సింక్‌లోనో ఉంది. ఈమెయిల్‌లోని లింకు నొక్కలేదేమో, ఫోనులో వేరే ఖాతా తెరిచి ఉందేమో, యాప్ సెట్టింగుల్లో ఆ క్యాలెండర్‌కు సింక్ ఆపి ఉందేమో చూడండి. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది వేరు: రాసినవారు ఈవెంట్‌ను ఇంటి క్యాలెండర్‌లో కాక తమ సొంత క్యాలెండర్‌లో రాసి ఉంటారు. ఈవెంట్ రాసే తెరమీద క్యాలెండర్ పేరు చిన్నగా ఉంటుంది, దాన్ని నొక్కి మార్చాలి. ఇంటి క్యాలెండర్‌కు ఎవరి ఫోనులో వాళ్ళు కొట్టొచ్చే రంగు పెట్టుకుంటే ఈ పొరపాటు వెంటనే తెలుస్తుంది. రంగు కూడా ఎవరిది వారిదే సుమా, మీరు ఎరుపు పెడితే వాళ్ళకు ఎరుపు రాదు.

రెండోది, ఈవెంట్ కనిపిస్తోంది, తెరిచి చూస్తే గంట గుర్తు ఉన్న వరుసలో ఏమీ లేదు. అయితే ఆ ఖాతాలో డిఫాల్ట్ పడలేదు. ఒక్కోసారి ఫోనులో రెండు గూగుల్ ఖాతాలు ఉండి, వేరే ఖాతా కింద ఉన్న క్యాలెండర్‌కు పెట్టి ఉంటారు.

మూడోది, గంట గుర్తు దగ్గర 10 నిమిషాలు అని స్పష్టంగా ఉంది, అయినా మోగలేదు. అప్పుడు క్యాలెండర్‌ను వదిలి ఫోనును పట్టుకోండి. ఆండ్రాయిడ్‌లో యాప్ నోటిఫికేషన్లకు అనుమతి ఉందా, బ్యాటరీ అమరికలో ఆ యాప్‌ను నిద్రపుచ్చే జాబితాలో పెట్టారా చూడాలి. `Unrestricted` అని ఉంటే అది ఎంచుకోండి. కొన్ని ఫోన్లు రోజూ వాడని యాప్‌లను తెలియకుండా పడుకోబెడతాయి, క్యాలెండర్‌ను రోజూ తెరవని పెద్దవాళ్ళ ఫోన్లలో ఇది ఎక్కువ. ఐఫోన్‌లో `Focus` ఆన్‌లో ఉందా, నోటిఫికేషన్లను మూటకట్టి సాయంత్రం ఇచ్చే `Scheduled Summary`లో ఈ యాప్ చేరిందా చూడండి.

పరీక్ష అయ్యాక డిఫాల్ట్‌ను మళ్ళీ గంటకు మార్చడం మరచిపోకండి. నేను ఒక ఇంట్లో మరచిపోయి వచ్చాను. వారం పాటు వాళ్ళకు ప్రతిదీ పది నిమిషాల ముందే తెలిసింది.

ఒక పరిమితి మాత్రం ఈ పద్ధతిలోనూ ఉంది. అలర్టును మోగించేది ఫోనే, కాబట్టి ఈవెంట్ ముందుగా ఫోనులోకి చేరి ఉండాలి. ఇంటర్‌నెట్ ఆపి ఉన్న ఫోనుకు మీరు ఉదయం చేసిన మార్పు తెలియదు. అలాగే గంట డిఫాల్ట్ ఉన్న క్యాలెండర్‌లో నలభై నిమిషాల తర్వాతి పని రాస్తే, గంట ముందు అనే సమయం అప్పటికే దాటిపోయింది, ఆ అలర్ట్ ఇక రాదు. 15 నిమిషాలది రెండోది పెట్టమన్నది అందుకే. ఆఖరి రెండు గంటల్లో జరిగే మార్పులకు క్యాలెండర్ మార్చి, ఫోను కూడా చేయండి. అమ్మ కంటి పరీక్ష తర్వాత మా ఇంట్లో ఇదే అలవాటు.

లింకును అసలు వాడకూడదని కాదు. పిల్లల బడి ఏడాది సెలవుల జాబితాను లింకుగా ఇచ్చిందనుకోండి, అది ఎప్పుడో గానీ మారదు, మనం అందులో రాసేదీ లేదు. దానికి సబ్‌స్క్రైబ్ చేయడమే సరైనది. గూగుల్ క్యాలెండర్‌లో దాన్ని కంప్యూటర్ నుంచే చేర్చాలి, చేర్చాక దానికీ డిఫాల్ట్ నోటిఫికేషన్ విడిగా పెట్టుకోవాలి.

ఈవెంట్‌లో అందరినీ అతిథులుగా చేర్చితే పోదా అని కొందరు అడుగుతారు. ఆహ్వానం వాళ్ళ సొంత క్యాలెండర్‌లోకి వెళ్ళి, అక్కడి డిఫాల్ట్ ప్రకారం మోగుతుంది, మీరు పెట్టిన దాని ప్రకారం కాదు. ఇంటి క్యాలెండర్‌లోనూ అదే ఈవెంట్ ఉంటుంది కాబట్టి రెండుసార్లు మోగుతుంది. ఇంటి క్యాలెండర్‌లో లేని బంధువు ఎవరైనా ఒక్క పనికి రావాల్సి ఉంటే, వారిని మాత్రం అలా చేర్చండి.

అమర్చాక ఏదైనా ఫోను ఇంకా మొండికేస్తే, పైన చెప్పిన మూడింటిలో ఎక్కడ ఆగిందో, అది ఏ ఫోనో రాయండి.